ఫోటోలో వచ్చిన ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్‌కి బోడె ప్లాట్ గీసి మార్జిన్లు చదవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

విజయనగరంలో సాయంత్రం పూట కంట్రోల్ సిస్టమ్స్ చెబుతాను. చీపురుపల్లి, బొబ్బిలి, రాజాం, ఆమదాలవలస వైపు నుంచి వచ్చే పిల్లలు పరీక్షల ముందు ఫోన్‌లో ఫోటోలు పంపి, "మాస్టారూ, ఇది స్టేబులా కాదా?" అని అడుగుతారు. కొన్ని బోర్డు మీంచి తీసినవి, కొన్ని పాత ప్రశ్నపత్రాలవి, కొన్ని స్నేహితుడి నోట్సువి. అడిగే ప్రశ్నలు ఏటా దాదాపు ఒకటే. అందుకే జవాబులన్నీ ఒక లెక్క చుట్టూ ఇక్కడ రాసి పెడుతున్నాను. ఆ లెక్క ఇది:

```
G(s) = 80 / ( s (s+2) (s+20) )      H(s) = 1
```

ఫోటో చూడగానే మొదట ఏం చెయ్యాలి, మాస్టారూ?

గీత గీయకండి. ఫంక్షన్‌ని ఒక తెల్ల కాగితం మీద మీ చేత్తో మళ్ళీ రాయండి. తప్పు చేసినవాళ్ళలో ఎక్కువమంది గ్రాఫు దగ్గర తప్పరు, ఈ మెట్టు దగ్గరే తప్పుతారు. ఫోటోలో s అక్షరం 5 లాగా కనిపిస్తుంది. ట్యూబులైటు మెరుపు పడిన చోట దశాంశ బిందువు మాయమవుతుంది. ఘాతాంకం చిన్నగా రాస్తారు కాబట్టి s² లోని 2 మసకబారిపోతుంది.

రాసేటప్పుడు మూడు చూడండి. ఒకటి, ప్రతి బ్రాకెట్టులోనూ ప్లస్సా మైనస్సా అన్నది. రెండు, సున్నాలు, బిందువులు. మూడు, ఫోటో అంచులో ఏదైనా తెగిపోయిందా అన్నది. ప్రశ్న చివర "యూనిటీ ఫీడ్‌బ్యాక్" అన్న మాట తెగిపోయి, పక్కనే H(s) అనే ఇంకో ఫంక్షన్ ఉంటే మీరు గీయాల్సింది G(s)H(s) గ్రాఫు. ఒక్క G(s)కే గీస్తే చేసిన పనంతా వృథా. అనుమానం ఉంటే పంపినవాళ్ళని ఇంకో ఫోటో అడగండి. పదిహేను నిమిషాలు ఆగడం, గంటసేపు తప్పు గ్రాఫు గీయడం కన్నా మేలు.

ఒక్క సున్నా తేడా వస్తే అంత మునిగిపోతుందా?

చూద్దాం. మన ఫంక్షన్‌నే ఇంకో రూపంలో రాస్తే `2 / ( s (1+0.5s)(1+0.05s) )` అవుతుంది. రెండో బ్రాకెట్టులో బిందువు తరవాతి సున్నా ఫోటోలో కనపడక, 0.05 బదులు 0.5 అని చదివారనుకోండి. అప్పుడు గెయిన్ మార్జిన్ 6 డెసిబెల్, ఫేజ్ మార్జిన్ సుమారు 21 డిగ్రీలు వస్తాయి. అసలు జవాబు 20.8 డెసిబెల్, 47.4 డిగ్రీలు. రెండు జవాబులూ "స్టేబుల్" అనే చెబుతాయి కాబట్టి తప్పు జరిగిందని మీకు అనుమానం కూడా రాదు. కానీ 47 డిగ్రీల మార్జిన్ ఉన్న మోటారు చెప్పిన చోటుకి వెళ్ళి, కాస్త దాటి, త్వరగా నిలబడుతుంది. 21 డిగ్రీలున్నది అటూ ఇటూ చాలాసార్లు ఊగి గానీ నిలవదు. యంత్రం దగ్గర ఈ రెండింటికీ చాలా తేడా.

80 అని ఉంది కాబట్టి 20 log 80 నుంచి మొదలుపెట్టాను. తప్పేంటి?

ఫంక్షన్ సరిగ్గా రాసుకున్నాక జరిగే తప్పుల్లో అన్నిటికన్నా ఎక్కువగా వచ్చేది ఇదే. కాబట్టి నిదానంగా చెబుతాను.

అసింప్టోట్లు గీయడానికి ప్రతి బ్రాకెట్టూ 1తో మొదలవ్వాలి. ఎందుకంటే కార్నర్ ఫ్రీక్వెన్సీ కన్నా బాగా తక్కువ దగ్గర (1+0.5s) అనేది దాదాపు 1, అంటే 0 డెసిబెల్. అప్పుడు దాన్ని లెక్కలోంచి వదిలేయొచ్చు. కానీ (s+2) అక్కడ 1 కాదు, 2. (s+20) అక్కడ 20. వాటిని వదిలేస్తే గెయిన్‌లోంచి 40 రెట్లు భాగించడం మరిచిపోయినట్టు. అందుకని 2నీ, 20నీ బయటికి తీయాలి:

```
80 / ( s · 2(1+0.5s) · 20(1+0.05s) )  =  2 / ( s (1+0.5s)(1+0.05s) )
```

మొదలుపెట్టాల్సిన K విలువ 2. దాని డెసిబెల్ విలువ 20 log 2, అంటే 6. మీరు తీసుకున్న 80కి 38 వస్తుంది. గ్రాఫు మొత్తం 32 డెసిబెల్ పైకి లేచిపోయింది.

ఆ తప్పు గ్రాఫుని చివరిదాకా చదివితే ఏమవుతుందో ఒకసారి చేసి చూడండి. 2 దగ్గర 32 డెసిబెల్ ఉంటుంది. అక్కణ్ణుంచి డెకేడ్‌కి 40 చొప్పున దిగితే 12.6 రేడియన్ల దగ్గర 0 డెసిబెల్ గీతని తాకుతుంది. అక్కడ ఫేజ్ సుమారు మైనస్ 203 డిగ్రీలు. ఫేజ్ మార్జిన్ మైనస్ 23. అంటే చక్కగా నడిచే సిస్టమ్‌ని అన్‌స్టేబుల్ అని రాసి వచ్చేశారు. ఫోటోలో బ్రాకెట్లు (s+2) రూపంలో ఉన్నాయా, (1+0.5s) రూపంలో ఉన్నాయా అన్నది ముందు చూసుకోమని నేను పదేపదే చెప్పేది ఇందుకే.

కార్నర్ ఫ్రీక్వెన్సీలు ఎలా తీయాలి?

(1+Ts)లో 1/T. ఇక్కడ 1/0.5 అంటే 2, 1/0.05 అంటే 20. రెండూ సెకనుకి రేడియన్లలో ఉంటాయి, హెర్ట్‌జ్‌లో కాదు. హెర్ట్‌జ్ కావాలంటే చివర 2πతో భాగించుకోండి, మధ్యలో వద్దు.

సెమీలాగ్ షీటు మీద మొదటి గీత ఎక్కడ పెట్టాలి?

షీటు అడ్డంగా 0.1 నుంచి మొదలయ్యేలా పెట్టుకోండి. చిన్న కార్నర్ 2 కాబట్టి దానికి ఒక డెకేడ్ ముందునుంచి చూడగలిగితే చాలు. నిలువుగా 1 సెంటీమీటరుకి 10 డెసిబెల్ తీసుకోండి. 20 తీసుకుంటే షీటులో పట్టేస్తుంది గానీ, అర మిల్లీమీటరు తేడా 1 డెసిబెల్ అయిపోతుంది.

మొదటి గీత `2/s` అనే భాగానిది. దీని వాలు డెకేడ్‌కి మైనస్ 20 డెసిబెల్. వాలుని కోణంలా గీయకండి. రెండు బిందువులు పెట్టి కలపండి. ω = 0.1 దగ్గర 20 log(2/0.1), అంటే 26 డెసిబెల్. ω = 1 దగ్గర 6 డెసిబెల్. ఈ రెండూ కలుపుతూ 2 దాకా లాగితే అక్కడ సరిగ్గా 0 డెసిబెల్ వస్తుంది. రాకపోతే గీత వంకర పోయిందని అర్థం, చెరిపి మళ్ళీ గీయండి.

2 దగ్గర మొదటి కార్నర్ తగులుతుంది. అక్కణ్ణుంచి వాలు మైనస్ 40. దీనికీ ఒక డెకేడ్ దూరంలో బిందువు పెట్టుకోండి: ω = 20 దగ్గర మైనస్ 40 డెసిబెల్. 20 దగ్గర రెండో కార్నర్, అక్కణ్ణుంచి మైనస్ 60. ω = 200 దగ్గర మైనస్ 100 డెసిబెల్. ఇక్కడితో మ్యాగ్నిట్యూడ్ అసింప్టోట్ అయిపోయింది. మూడు గీతలే.

ఒక చిన్న అలవాటు చెబుతాను. ప్రతి గీత పక్కనా పెన్సిలుతో −20, −40, −60 అని రాయండి. దిద్దేవాళ్ళకి మాత్రమే కాదు, మీరు ఒక కార్నర్ మరిచిపోతే మీకే కనిపిస్తుంది. హారంలో మూడు s లుండి, లవంలో s లేని ఫంక్షన్ చివరికి మైనస్ 60 వాలుతో ముగియాలి.

ఫేజ్‌కి కూడా అసింప్టోట్లు గీయాలా?

గీయొచ్చు. కార్నర్‌కి పదో వంతు దగ్గర మొదలై, పది రెట్ల దగ్గర ముగిసే, డెకేడ్‌కి 45 డిగ్రీల చొప్పున దిగే గీతలవి. కానీ ఆ రెండు చివర్లా దాదాపు 6 డిగ్రీల తప్పు ఉంటుంది. చేతిలో కాలిక్యులేటర్ ఉన్నప్పుడు నేను నేరుగా లెక్కకట్టమంటాను:

```
φ = -90° - atan(0.5ω) - atan(0.05ω)

ω = 0.5   →  -105.5°
ω = 1     →  -119.4°
ω = 2     →  -140.7°
ω = 4     →  -164.7°
ω = 10    →  -195.3°
ω = 20    →  -219.3°
```

కాలిక్యులేటర్ డిగ్రీ మోడ్‌లో ఉందో లేదో ముందు చూసుకోండి. `atan(1)` కొడితే 45 రావాలి. ఈ ఆరు బిందువులూ పెట్టి, చేత్తో నున్నగా ఒక వంపు గీస్తే చాలు. ఎక్కడా విరుపు కనపడకూడదు.

ఇప్పుడు మార్జిన్లు ఎక్కడ చదవాలి? ప్రతిసారీ రెండూ తారుమారైపోతున్నాయి.

పేర్లు పట్టుకుని తికమక పడకండి. రెండు నిలువు గీతలు గీయాలి, అంతే.

మొదటిది: మ్యాగ్నిట్యూడ్ వంపు 0 డెసిబెల్‌ని దాటే చోట. అది గెయిన్ క్రాసోవర్. అక్కణ్ణుంచి నిలువుగా ఫేజ్ గ్రాఫులోకి దిగండి. ఆ చోట ఫేజ్ మైనస్ 180కి ఎంత పైన ఉందో అదే ఫేజ్ మార్జిన్.

రెండోది: ఫేజ్ వంపు మైనస్ 180ని దాటే చోట. అది ఫేజ్ క్రాసోవర్. అక్కణ్ణుంచి నిలువుగా మ్యాగ్నిట్యూడ్ గ్రాఫులోకి ఎక్కండి. అక్కడ వంపు 0 డెసిబెల్‌కి ఎంత కింద ఉందో అదే గెయిన్ మార్జిన్.

అంటే ఏ మార్జిన్ కావాలో ఆ గ్రాఫులో కొలుస్తాం, ఎక్కడ కొలవాలన్నది ఇంకో గ్రాఫు చెబుతుంది. దీని వెనక ఉన్న అర్థం పట్టుకుంటే ఇక మరిచిపోరు. తిరిగొచ్చిన సిగ్నల్ 180 డిగ్రీలు తిరగబడి, పరిమాణం కూడా సరిగ్గా ఒకటైతే, తీసేయాల్సింది కాస్తా కలిపేదవుతుంది. ఊపు ఆగదు. ఈ రెండు షరతుల్లో ఒకటి నిజమైన చోట నిలబడి, రెండోది నిజమవడానికి ఇంకా ఎంత దూరముందో కొలుస్తున్నాం.

మన లెక్కలో ఎంత వచ్చింది?

అసింప్టోట్ మీంచి చదివితే గెయిన్ క్రాసోవర్ 2. అక్కడ ఫేజ్ మైనస్ 140.7. కాబట్టి ఫేజ్ మార్జిన్ 39.3 డిగ్రీలు.

ఫేజ్ మైనస్ 180ని దాటేది 4కీ 10కీ మధ్య, 6.3 దగ్గర. అక్కడ అసింప్టోట్ మైనస్ 20 డెసిబెల్. గెయిన్ మార్జిన్ 20 డెసిబెల్. రెండూ పాజిటివ్. క్లోజ్డ్ లూప్ స్టేబుల్.

6.3 ఎక్కడిదో చూశారా? 2కీ 20కీ మధ్య లాగ్ షీటు మీద సరిగ్గా నడిమధ్య అది. రెండు కార్నర్ల లబ్ధానికి వర్గమూలం, √40 అంటే 6.32. ఒక s, రెండు మామూలు బ్రాకెట్లు ఉన్న ఫంక్షన్లన్నిటికీ ఇది వర్తిస్తుంది. మీ ఫేజ్ వంపు అక్కడ 180ని దాటకపోతే ఏదో బిందువు తప్పు పెట్టారన్నమాట.

స్నేహితుడికి ఫేజ్ మార్జిన్ 47 వచ్చింది, నాకు 39. ఎవరిది తప్పు?

ఎవరిదీ కాదు. అతను అసలు వంపు మీంచి చదివాడు, మీరు అసింప్టోట్ మీంచి చదివారు. మన లెక్కలో గీత సరిగ్గా విరుపు దగ్గరే 0 డెసిబెల్‌ని తాకుతోంది. అసింప్టోట్ అసలు వంపుకి అన్నిటికన్నా దూరంగా ఉండే చోటు అదే: కార్నర్ దగ్గర అసలు వంపు 3 డెసిబెల్ కింద ఉంటుంది. కార్నర్‌కి సగం ఫ్రీక్వెన్సీ దగ్గరా, రెట్టింపు దగ్గరా 1 డెసిబెల్ కింద ఉంటుంది.

ఆ దిద్దుబాటు చేసి చూద్దాం. ω = 1 దగ్గర 6 బదులు 5. ω = 2 దగ్గర 0 బదులు మైనస్ 3. ω = 4 దగ్గర మైనస్ 12 బదులు మైనస్ 13. ఈ మూడూ కలుపుతూ వంపు గీస్తే 0 డెసిబెల్‌ని 1కీ 2కీ మధ్య, 1.5 దాటిన తరవాత తాకుతుంది. కచ్చితంగా లెక్కకడితే 1.57. అక్కడ ఫేజ్ మైనస్ 132.6. ఫేజ్ మార్జిన్ 47.4 డిగ్రీలు.

గెయిన్ మార్జిన్ మాత్రం 20 నుంచి 20.8కి మాత్రమే మారుతుంది. ఎందుకంటే 6.32 రెండు కార్నర్లకీ దూరంగా ఉంది. పరీక్షలో "అసింప్టోటిక్ ప్లాట్" అని అడిగితే 39 రాసి, దిద్దుబాటు తరవాత 47 అని పక్కన ఇంకో వరుస రాయండి. క్రాసోవర్ ఏ కార్నర్‌కైనా రెట్టింపు దూరం లోపల పడితే దిద్దుబాటు లేకుండా జవాబు రాయొద్దని నా మాట.

1కీ 2కీ సరిగ్గా మధ్యలో తాకింది. 1.5 అని రాశాను, తప్పా?

తప్పే. లాగ్ స్కేలు మీద 1కీ 2కీ నడిమధ్యన ఉండేది 1.41. స్కేలు పెట్టి కొలవడం మేలు. ఒక డెకేడ్ పొడవు 6 సెంటీమీటర్లు అనుకోండి. 1 గీత నుంచి మీ బిందువు 1.2 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, 1.2/6 అంటే 0.2, 10 ఘాతం 0.2 అంటే 1.58. షీటులో చిన్న గీతలు లెక్కపెట్టే పని లేదు.

వేరేవాళ్ళు గీసిన గ్రాఫు ఫోటో వచ్చింది. దాని మీంచి మార్జిన్లు చదవొచ్చా?

చదవొచ్చు గానీ ముందు ఫోటో వాలుగా తీశారేమో చూడండి. 0.1 నుంచి 1 దాకా ఉన్న పొడవు, 1 నుంచి 10 దాకా ఉన్న పొడవు స్కేలుతో కొలవండి. సమానంగా లేకపోతే ఫోటో పక్కనుంచి తీసినది. అప్పుడు బిందువు పడిన డెకేడ్ పొడవునే లెక్కకి తీసుకోండి, పక్క డెకేడ్‌ది వద్దు. నిలువు గీత కూడా ఫోటోలో నిలువుగా ఉండదు. షీటు మీద అచ్చయిన నిలువు గీత వెంబడే మ్యాగ్నిట్యూడ్ నుంచి ఫేజ్‌కి దిగండి, ఫోన్ అంచుని నమ్మకండి. గంటస్తంభం నుంచి కోట దాకా వెళ్ళేవాడు రోడ్డు వెంబడి పోతాడు గానీ, ముక్కుసూటిగా ఇళ్ళ మీంచి పోడు కదా.

గ్రాఫుతోపాటు ఫంక్షన్ కూడా ఫోటోలో ఉంటే, ఒక్క బిందువు లెక్కకట్టి సరిచూడండి. నేనైతే ω = 1 దగ్గర చూస్తాను.

జవాబు సరైనదో కాదో గ్రాఫు లేకుండా ఎలా తెలుసుకోవాలి?

రౌత్ పట్టికతో. క్లోజ్డ్ లూప్ కారక్టరిస్టిక్ సమీకరణం `s³ + 22s² + 40s + 80 = 0`. స్టేబుల్‌గా ఉండాలంటే చివరి అంకె 22 × 40, అంటే 880 కన్నా తక్కువ ఉండాలి. మనది 80. ఇంకా 11 రెట్లు పెంచొచ్చు. 20 log 11 అంటే 20.8 డెసిబెల్. గ్రాఫులో వచ్చిన గెయిన్ మార్జిన్ ఇదే. రెండు వేరు వేరు దారుల్లో ఒకే అంకె వచ్చినప్పుడు కలిగే ధీమా వేరు. పిల్లల ముఖాల్లో అది కనిపించే రోజు నాకు బాగా ఇష్టం.

కంప్యూటర్ ఉంటే ఆక్టేవ్‌లో ఇలా చూడొచ్చు:

```
pkg load control
s = tf('s');
G = 80/(s*(s+2)*(s+20));
[gm, pm, wg, wp] = margin(G)
```

ఇక్కడ `gm` 11 అని వస్తుంది, 20.8 అని రాదు. అది రెట్లలో ఇస్తుంది, డెసిబెల్‌లో కాదు. గ్రాఫు తప్పయిపోయిందని కంగారుపడి చెరిపేసినవాళ్ళున్నారు. `20*log10(gm)` కొట్టి చూసుకోండి.

గెయిన్ మార్జిన్ 20 డెసిబెల్ కావాలంటే K ఎంత ఉండాలి అని అడిగితే?

K మారితే ఫేజ్ కదలదు, మ్యాగ్నిట్యూడ్ వంపు ఉన్నదున్నట్టు పైకో కిందకో జరుగుతుంది. ఫేజ్ క్రాసోవర్ 6.32 దగ్గరే ఉండిపోతుంది. ఇప్పుడు 20.8 ఉంది, 20 చాలు. కాబట్టి 0.8 డెసిబెల్ పైకి జరపొచ్చు. లవంలోని 80 కాస్తా 88 అవుతుంది, అంటే K 2 నుంచి 2.2కి పెరుగుతుంది. సరిచూసుకోవడం తేలిక: 880ని 10తో భాగించండి.

ఫేజ్ మార్జిన్ ఇచ్చి K అడిగితే ముందు ఫేజ్ గ్రాఫులో ఆ ఫేజ్ ఉన్న ఫ్రీక్వెన్సీ వెతికి, అక్కడి మ్యాగ్నిట్యూడ్‌ని 0కి తెచ్చేంత జరపండి.

మార్జిన్లు రెండూ పాజిటివ్ అయితే ప్రతిసారీ స్టేబులేనా?

కాదు. రెండు చోట్ల జాగ్రత్త పడాలి.

మొదటిది మైనస్ గుర్తు. ఫోటోలో (s−2) ఉంటే ఓపెన్ లూప్‌లోనే కుడివైపు పోల్ ఉంది. దాని మ్యాగ్నిట్యూడ్ వంపు (s+2)దీ ఒకటే, అందుకే అసింప్టోట్ చూస్తే తేడా తెలీదు. ఫేజ్ మాత్రం పూర్తిగా వేరు. అలాంటిదానికి మార్జిన్ల నియమం అలాగే వాడకూడదు, నైక్విస్ట్ గీసి చుట్లు లెక్కపెట్టాలి.

రెండోది తక్కువ డ్యాంపింగ్ ఉన్న వర్గ బ్రాకెట్టు. దీని మీద కాసేపు ఆగాలి, ఎందుకంటే ఇక్కడ అసింప్టోట్ నిజంగా మోసం చేస్తుంది. ఈ ఫంక్షన్ చూడండి:

```
G(s) = 300 / ( s (s² + 2s + 100) )
```

వందని బయటికి తీస్తే K విలువ 3, కార్నర్ 10, డ్యాంపింగ్ నిష్పత్తి 0.1. అసింప్టోట్ 3 దగ్గర 0 డెసిబెల్‌ని దాటి, 10 దగ్గరికొచ్చేసరికి మైనస్ 10.5కి దిగుతుంది. ఫేజ్ మైనస్ 180ని దాటేది కూడా 10 దగ్గరే. కాబట్టి గెయిన్ మార్జిన్ 10.5 డెసిబెల్, ఫేజ్ మార్జిన్ దాదాపు 86 డిగ్రీలు. చూడ్డానికి రాయిలా నిలబడే సిస్టమ్.

కానీ అది అన్‌స్టేబుల్. డ్యాంపింగ్ 0.1 అయితే కార్నర్ దగ్గర అసలు వంపు అసింప్టోట్ కన్నా 14 డెసిబెల్ పైకి లేస్తుంది. మైనస్ 10.5కి 14 కలిపితే 10 దగ్గర ప్లస్ 3.5 డెసిబెల్. అంటే వంపు ఒకసారి 0 కిందకి దిగి, మళ్ళీ పైకి లేచి, మళ్ళీ దిగుతోంది. మీరు మొదటి దాటుడు దగ్గరే ఫేజ్ చదివి సంతోషపడ్డారు. రౌత్‌తో చూసినా అంతే: చివరి అంకె 200 కన్నా తక్కువ ఉండాలి, మనది 300.

ఫోటోలో s² + 2s + 100 లాంటిది కనిపిస్తే ముందు డ్యాంపింగ్ నిష్పత్తి కట్టండి: మధ్య అంకెని 2 × 10తో భాగించాలి. అది 0.5 కన్నా బాగా తక్కువైతే శిఖరం ఎత్తు `20 log(1/(2ζ))` అని లెక్కకట్టి గ్రాఫు మీద పెట్టాకే మార్జిన్లు చదవండి.

ఫంక్షన్ పక్కన e ఘాతం ఏదో ఉంది, సరిగ్గా కనపడలేదు. వదిలేయొచ్చా?

వదలొద్దు. అది ఆలస్యం. `e^(-0.1s)` అంటే సిగ్నల్ 0.1 సెకను ఆలస్యంగా వస్తుంది. ఊరి ట్యాంకు దగ్గర వాల్వు తిప్పితే వీధి చివరి కుళాయిలో నీళ్ళు కాసేపటికి గానీ మారవు, అలాంటిదే. మ్యాగ్నిట్యూడ్ మీద దీని ప్రభావం ఏమీ ఉండదు, అసింప్టోట్లన్నీ అలాగే ఉంటాయి. ఫేజ్‌లోంచి మాత్రం ప్రతి ఫ్రీక్వెన్సీ దగ్గరా 57.3 × 0.1 × ω డిగ్రీలు తీసేయాలి.

మన మొదటి లెక్కలో క్రాసోవర్ 1.57 దగ్గర తీసేయాల్సింది 9 డిగ్రీలు. 47.4 కాస్తా 38.4 అవుతుంది. ఫేజ్ 180ని ఇంకా ముందే దాటేస్తుంది కాబట్టి గెయిన్ మార్జిన్ కూడా తగ్గుతుంది. మొత్తం మీద ఎంత ఆలస్యం తట్టుకోగలదంటే, 47.4 డిగ్రీలని రేడియన్లలోకి మార్చి, 0.827ని 1.57తో భాగించండి: 0.53 సెకను. అది దాటితే ఊపు పెరుగుతూ పోతుంది.

ఫోటో పంపేటప్పుడు మేం ఏం చూసుకోవాలి?

కాగితాన్ని బల్ల మీద పరిచి, ఫోన్‌ని సరిగ్గా పైనుంచి పట్టుకోండి. లైటు పక్కనుంచి పడాలి. ప్రశ్న మొత్తం, "యూనిటీ ఫీడ్‌బ్యాక్" అన్న మాటతో సహా, ఫ్రేములో ఉండాలి. ఫోటో కింద అదే ఫంక్షన్‌ని `80/(s(s+2)(s+20))` అని టైపు చేసి పంపండి. మీరు ఫోటోలో ఏం చదివారో నాకు తెలుస్తుంది, చాలాసార్లు తప్పు అక్కడే దొరికిపోతుంది.